ఎవరూ వద్దనలేదా, టీచరుగారూ?

మా ఇంటి మాట సవర. తెలుగు నేను బడిలో నేర్చుకున్నాను. ఇప్పుడు అదే తెలుగును ఒక ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లలకు చెబుతున్నాను. గురజాడ అప్పారావు రాసిన 'పుత్తడి బొమ్మ పూర్ణమ్మ'ను ప్రతి ఏటా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు చదివి వినిపిస్తాను. పాఠ్యపుస్తకంలో ఉన్నా లేకపోయినా ఒక పీరియడు దానికి కేటాయిస్తాను. నాకు అది నా టీచరు దగ్గర అబ్బిన అలవాటు.

నిరుడు ఒక పిల్ల లేచి, "ఇది బ్రాహ్మల ఇంటి కథ కదా టీచర్, మనకెందుకు?" అని అడిగింది. నాకు తోచిన జవాబు చెప్పాను. కానీ ఆ ప్రశ్న నాలోనే ఉండిపోయింది. నాకు ఈ గేయం నేర్పిన టీచరుగారు ఉద్యోగ విరమణ చేసి విజయనగరంలో ఉంటున్నారు. ఆమెకు ఉత్తరం రాశాను. పిల్ల అడిగింది రాసి, దాని కింద నేను అడగాలనుకున్నది కూడా రాశాను. మీరు మాకు ఈ పాట ఎన్నోసార్లు చదివారు, ప్రతిసారీ చివర మీ గొంతు ఆగిపోయేది, ఎందుకని?

ఆమె పది పేజీల జవాబు రాశారు. కుటుంబ విషయాలు తీసేసి, ఆమె అనుమతితో మిగతాది ఇక్కడ ఇస్తున్నాను. మన బడుల్లో ఈ గేయం చెప్పేవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

*

చిరంజీవి అమ్మాయికి, టీచరు ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ దస్తూరీ మారలేదు, 'ళ' ఇంకా పక్కకు వాలుతూనే ఉంది. నీ శిష్యురాలి ప్రశ్నకు ముందు జవాబు చెప్పి, తర్వాత నా గొంతు సంగతికి వద్దామనుకున్నాను. రాయబోతే రెండూ ఒకటే అయ్యాయి.

ఈ పాట నేను మొదట పుస్తకంలో చదవలేదు. మా వంటింట్లో విన్నాను. మా నాయనమ్మకు అక్క ఒకావిడ మా ఇంట్లో ఉండేది. పెద్ద నాయనమ్మ అనేవాళ్లం. ఆరో ఏట యాభై ఏళ్ల మనిషికిచ్చి పెళ్లి చేశారట. తొమ్మిదో ఏట ఆయన పోయాడు. ఆవిడకు పెళ్లి గుర్తులేదు, మొగుడి మొహం గుర్తులేదు. పెళ్లిలో ఎవరో పెట్టిన బెల్లం ముక్క మాత్రం గుర్తుంది. నేను పుట్టేనాటికే ఆవిడ ముసలిది. గుండు, తెల్ల పంచె, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక చేట. చదువు రాదు. ఈ గేయం ఎవరి నోట విందో తెలియదు గానీ మొత్తం కంఠస్థం. బియ్యం ఏరుతూ పాడేది.

నువ్వు తెలుగు టీచరువి కాబట్టి చెబుతున్నాను. ఈ గేయం నాలుగేసి మాత్రల నడకలో ఉంటుంది. చేతిలో పని ఉన్న మనిషికి ఊపిరి సరిపోయే నడక అది. చేట చెరగడానికి, తిరగలి తిప్పడానికి, ఊడుపుకు కూడా సరిపోతుంది. గురజాడ పండితులు మెచ్చే పద్యంలో ఈ కథ రాసి ఉంటే అది మా పెద్ద నాయనమ్మ నోటికి ఎక్కేది కాదు. మొదట్లోనే కవి ఆడవాళ్లను, ఆడపిల్లలను పిలిచి ఈ కథ వినమంటాడు. ఆ పిలుపు మా వంటింటి దాకా వచ్చిందంటే ఆ నడక వల్లా, ఆ ఇంటి మాటల వల్లా.

పెద్ద నాయనమ్మ పూర్ణమ్మ పూలు కోసే చోటు పాడేది. పూజారి కూతురు, ఏ కాలానికి ఏ పువ్వు పూస్తే ఆ పువ్వు కోసి దుర్గకు ఇస్తూ పెరిగిన పిల్ల. డబ్బుకు ఆశపడి తల్లీ తండ్రీ ఆమెను ముసలివాడికి కట్టబెట్టిన చోటు పాడేది. తోటిపిల్లలు నీ మొగుడు తాత అని ఎగతాళి చేసిన చోటు, ఆటలు మానుకుని పూర్ణమ్మ ఒక్కతే గుడికి పోయి ఏడ్చిన చోటు, మొగుడు చీరలూ నగలూ పట్టుకుని తీసుకుపోవడానికి వచ్చిన చోటు, అన్నలకూ తమ్ముళ్లకూ ఆమె అప్పగింతలు చెప్పిన చోటు, అన్నీ పాడేది. సాయంత్రం పూర్ణమ్మ గుడికి బయలుదేరిన చోట ఆపేసేది. ప్రతిసారీ అక్కడే.

నాకు పదమూడేళ్లప్పుడు, "ఆ తర్వాత ఏమైంది నాయనమ్మా?" అని అడిగాను. చేటలోంచి రాయి ఏరి బయటకు వేసి, "పూర్ణమ్మ ఇంటికి రాలేదు. నేను వచ్చాను. వచ్చి అరవై ఏళ్లు దాటింది" అంది. మళ్లీ బియ్యం ఏరుకుంది.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. బి.ఎడ్.లో ఉన్నప్పుడు 'కన్యాశుల్కం' నాటకానికి గురజాడ 1897లో రాసుకున్న ఇంగ్లీషు పీఠిక చదివాను. విజయనగరం మహారాజు ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారని అందులో ఉంది. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు. పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు. 44 మందికి నాలుగేళ్లు. 36 మందికి మూడేళ్లు. ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి ఒక ఏడాది. ఆ పసిగుడ్డుల వెల మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు.

లైబ్రరీలో కూర్చుని ఆ అంకెలు చూస్తుంటే నాకు బెల్లం ముక్క గుర్తొచ్చింది. మా పెద్ద నాయనమ్మ ఆ జాబితాలో ఉందో, ఆ తర్వాత ఏడాదిదో నాకు తెలియనక్కరలేదు. వాళ్లలో ఎంతమంది పూర్ణమ్మలా పోయి ఉంటారు? చాలా మంది పోలేదు. తిరిగి వచ్చి వంటిళ్లలో ముసలివాళ్లయ్యారు. గేయం పోయిన పిల్ల గురించి పాడుతుంది. వంటింట్లో దాన్ని పాడుకున్నది మిగిలిపోయిన పిల్ల. నా గొంతు ఆగడానికి మొదటి కారణం ఇది. ఆ చోటుకు వచ్చేసరికి ఆవిడ ఆపేసిన నిశ్శబ్దం నాకు వినిపిస్తుంది.

రెండో కారణం మీ కొండల్లో తెలిసింది. నేను సీతంపేట కొండల్లోకి ఉద్యోగానికి వచ్చినప్పుడు ఈ గేయం ఇక్కడి పిల్లలకు అక్కరకు వస్తుందా అని నేనూ ఆలోచించాను. నీ శిష్యురాలు అడిగిన ప్రశ్నే. అయినా మీ బ్యాచికి చదివాను. మీలో సగం మందికి ఇంట్లో సవర, కొందరికి జాతాపుల తెలుగు. పుస్తకం భాష చదివితే మొహాలు వాడిపోయేవి. ఇది చదివితే వాడలేదు. అర్థాలు చెప్పకుండానే కథ నడిచింది.

దాని వెనక ఒక కథ ఉందని మీకు అప్పుడు చెప్పాను, గుర్తుందా? గురజాడ, గిడుగు రామమూర్తి విజయనగరంలో ఒకే బడిలో చదువుకున్న స్నేహితులు. గిడుగు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలతో సావాసం చేసి సవర భాష నేర్చుకున్నాడు. ఆ భాషకు వ్యాకరణం రాశాడు, నిఘంటువు కూర్చాడు, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు పెట్టించాడు. మనిషి మాట్లాడే మాటలోనే చదువు ఉండాలని జీవితమంతా పోరాడాడు. స్నేహితులిద్దరూ ఒకే పట్టు పట్టారు. కాబట్టి పూర్ణమ్మ మీకు పరాయి అని అనుకోకండి. ఆమె మాట్లాడిన తెలుగు కోసం వాదించిన మనిషి మీ భాషకు నిఘంటువు రాసిన మనిషే.

ఇక చదివే పద్ధతి. చివరి భాగాన్ని నేను ఎప్పుడూ ఒకే ఊపులో చదవలేదు. పూర్ణమ్మ గుడికి బయలుదేరాక ఆపి, మీ చేత బోర్డు మీద ఒక జాబితా రాయించేదాన్ని. సాయంత్రం ఎవరెవరు ఎక్కడికి చేరారు? మళ్లీ చదువుతూ ఉంటే మీరు చెప్పాలి. ఆవులూ పెయ్యలూ మందకు చేరాయి. పిట్టలు చెట్లకు చేరాయి. చుక్కలు వచ్చాయి. చీకటి కొండల్లో, లోయల్లో నిండింది. అడవి జంతువులు మేతకు కదిలాయి. దుర్గ మెడలో పూలదండలు ఉన్నాయి. అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. పూర్ణమ్మ పేరు ఎదుట ఖాళీ.

కవి ఆమె చచ్చిపోయిందని ఎక్కడా చెప్పడు. చెరువు అనో, నుయ్యి అనో వేలు పెట్టి చూపించడు. లెక్క మాత్రం చెబుతాడు. లెక్కలో ఒకటి తక్కువ. దండలు ఉన్నాయి కాబట్టి ఆమె గుడి దాకా వెళ్లిందని తెలుస్తుంది. ఇంటికి రాలేదు కాబట్టి మిగతాది మనమే అనుకోవాలి. ఊళ్లో పిల్లలకు ఈ భాగం వర్ణనలా అనిపిస్తుంది. మీకు అలా అనిపించలేదు. చీకటి పడ్డాక అడవి జంతువులు దిగుతాయని మీకు తెలుసు. ఆ వేళకు ఇంటికి రాని మనిషి కోసం దివిటీ పట్టుకుని వెళ్లడం మీరు చూశారు. నువ్వే కాబోలు, "పిల్ల రాకపోతే ఊరంతా వెతకాలి కదా, ఎవరూ వెళ్లలేదేం?" అన్నావు.

ఆశ్రమ పాఠశాలలో సాయంత్రం హాజరు తీసేవాళ్లం. ఆరున్నరకు గంట, వరండాలో వరసలు. సెలవులు ముగిసిన మొదటి వారం ఆ హాజరు నాకు ఎప్పుడూ భయమే. దసరాకు నూట నలభై మంది వెళితే నూట ముప్పై నాలుగు మంది వచ్చేవారు. ఇద్దరికి జ్వరం. ఒకరి ఊరికి దారి లేదు, గెడ్డ పొంగింది. మిగతావాళ్ల గురించి తోటిపిల్లలు తల దించుకునేవారు. ఆ తల దించుకోవడం చూస్తే నాకు అర్థమయ్యేది. ఆవులు, పెయ్యలు, పిట్టలు. ఒక పేరు ఎదుట ఖాళీ. గురజాడ ఆ భాగాన్ని అలా ఎందుకు రాశాడో నాకు పుస్తకాలు చెప్పలేదు, ఆ హాజరుపట్టీ చెప్పింది. ఒక పిల్ల లేదని తెలియడానికి ఎవరో ఒకరు కూర్చుని లెక్కపెట్టాలి.

ఇప్పుడు మూడో సంగతి. ఇది నీకు కొంత తెలుసు, మొత్తం తెలియదు.

మీ తరగతిలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఉండేది. పేరు రాయను, నీకు తెలుస్తుంది. గేయం అయిపోయాక అందరూ చివరి భాగం గురించి మాట్లాడుతుంటే ఆ పిల్ల మాత్రం వెనక్కి వెళ్లింది. పూర్ణమ్మను ముస్తాబు చేసిన చోటుకు. చుట్టాలు వచ్చారు, పసుపు రాశారు, నగలు పెట్టారు. ఆమె పెద్దలకు మొక్కితే తల్లీ తండ్రీ దీవించారు. ఆ దీవెన విని పూర్ణమ్మ నవ్వుతుంది. పిల్ల లేచి, "ఎవరూ వద్దనలేదా, టీచరుగారూ?" అంది.

నేను పుస్తకం తిరగేశాను. అప్పటికి ఆ గేయం నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, అన్నలు, తమ్ముళ్లు, చుట్టాలు, ఈడుపిల్లలు ఉన్నారు. దేవత కూడా ఉంది. ఇంతమందిలో వద్దు అన్నవాళ్లు ఒక్కరు లేరు. పూర్ణమ్మ కూడా అనదు. అన్నదమ్ములను ఆమె కోరుకున్నది కూడా చూడు. అమ్మానాన్నలను చూసుకోండి, దుర్గకు పూలు ఇవ్వండి, మీరంతా కలిసి నవ్వుకునే వేళ నన్ను ఒకసారి తలచుకోండి, మీకు ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టండి. నన్ను పంపకండి అని మాత్రం అడగదు. ఆ మాట అనవచ్చని ఆ ఇంట్లో ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. అందుకే ఆ నవ్వు. దీవెనలో ఉన్న అబద్ధం ఆమెకు తెలుసు, చెప్పడానికి మాట లేదు, నవ్వు ఉంది. ఇరవై ఏళ్లలో నాకు తట్టని సంగతి పద్నాలుగేళ్ల పిల్ల ఒక్క వాక్యంలో పట్టుకుంది.

ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది. "మా ఊళ్లో కూడా ఓలి ఇస్తారు. కానీ పిల్లకు ఇష్టం లేకపోతే పెద్దలు కూర్చుని ఓలి తిరిగిచ్చేస్తారు. వీళ్లు ఎందుకు తిరిగివ్వలేదు?"

ఆవేళ బోర్డును రెండుగా గీసి, రెండు పక్కలా మీ చేతే రాయించాను. ఒక పక్క పూర్ణమ్మ నాటి కన్యాశుల్కం. పిల్లకు ఊహ తెలియదు, డబ్బు తండ్రికి ముడుతుంది, ఆమెకు వెనక్కి వచ్చే దారి లేదు, మొగుడు పోతే మారుమనువు లేదు. ఇంకో పక్క మీరు చెప్పిన ఓలి. పిల్ల పని చేయగల మనిషి, ఆ ఇంటికి ఒక జత చేతులు తగ్గుతాయి కాబట్టి వాళ్లకు ఇస్తారు. ఊరి పెద్దల ఎదుట మాట జరుగుతుంది. పొసగకపోతే ఓలి తిరిగి ఇచ్చి విడిపోవచ్చు, మారుమనువు తప్పు కాదు. రెండు చోట్లా డబ్బు ఆడపిల్ల వైపే వస్తుంది. తేడా అంతా తిరుగుదారిలో ఉంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మీరు చెబితే రాసుకున్నాను.

ఆ ఏడు సంక్రాంతికి ఇంటికి వెళ్లిన ఆ పిల్ల తిరిగి రాలేదు. నాలుగో రోజు హాజరులో మీరంతా తల దించుకున్నారు. ఆదివారం నాడు వంటమనిషిని తోడు తీసుకుని వాళ్ల ఊరు వెళ్లాను. రోడ్డు దిగాక రెండు గంటల నడక. తండ్రి ఒక షావుకారుకు బాకీ పడ్డాడు. జీడిపిక్కల సీజనులో తీరుస్తానన్న అప్పు, రెండేళ్లుగా వడ్డీ పెరిగింది. షావుకారు దగ్గర పనిచేసే నలభై ఏళ్ల మనిషి, పెళ్లాం పోయినవాడు. ఆ పిల్లను అతనికి ఇస్తే బాకీ చెల్లు. దాన్ని కూడా ఓలి అనే పిలుస్తున్నారు. అమ్మాయీ, ఇక్కడ ఆగి చూడు. పేరు ఓలే, లోపల ఉన్నది పూర్ణమ్మ నాటి శుల్కం. పెద్దల ఎదుట మాట లేదు, తిరుగుదారి లేదు. ఎందుకంటే ఆ డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది.

నేను వెళ్లి ఆపానని నీ తోటివాళ్లు ఇన్నాళ్లూ అనుకుంటున్నారు. అది నిజం కాదు. నేను చట్టం చెప్పాను, పద్దెనిమిది నిండాలన్నాను. తండ్రి నేల చూస్తూ విన్నాడు. ఆపింది ఆ పిల్ల నాయనమ్మ. నేను వెళ్లేసరికే పిల్ల ఇంట్లో వద్దు అని చెప్పేసింది. తల్లితో కాదు, తండ్రితో కాదు, నాయనమ్మతో చెప్పింది. ముసలావిడ ఆ సాయంత్రం పెద్దలను పిలిపించి అడిగింది. ఓలి అంటే ఊరి ముందు పెట్టాలి, ఇది ఎవరి ముందు పెట్టారు? పిల్లను అడిగారా? ఆవిడ సవరలో మాట్లాడింది, నాకు పక్కన కూర్చున్న కుర్రాడు తెలుగులో చెబుతున్నాడు. రాత్రి దాకా మాటలు నడిచాయి. చివరికి ఒక ఆవును అమ్మి, ఇంటివాళ్లంతా తలా కొంత వేసుకుని బాకీలో సగం కట్టారు. మిగతాది జీడిపిక్కలకు వాయిదా. పిల్ల ఫిబ్రవరి మొదటి వారంలో బడికి వచ్చింది.

ఆ తర్వాత ఆమె పెద్ద ఉద్యోగస్తురాలు అయిందని రాస్తే కథ బాగుంటుంది. అలా జరగలేదు. పదో తరగతి పాసైంది, ఇంటర్ ఆపేసింది. పంతొమ్మిదో ఏట తనకు నచ్చినవాడిని చేసుకుంది. అనాస, జీడి తోట చూసుకుంటోంది. మొన్నటి ఎండాకాలం నాకు అనాసపళ్లు పంపింది.

ఆమెను ఈ గేయం కాపాడిందా? గేయాలు పెళ్లిళ్లు ఆపవు. మా పెద్ద నాయనమ్మకు గేయమంతా కంఠస్థం, ఏం ఆగింది? ఈ గేయం చేసిన పని ఒక్కటే. వద్దు అన్నవాళ్లు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ పిల్లకు చూపించింది. ఆ మాటను నిలబెట్టింది మీ ఊరి ఆచారం, దాన్ని గుర్తుంచుకున్న ఒక ముసలావిడ. నీ శిష్యురాలికి ఇది చెప్పు. పూర్ణమ్మ ఇంట్లో లేనిది మీ ఊళ్లో ఉంది, అది పోకుండా చూసుకోవడానికే ఈ కథ చదువుతున్నాం అని. ఇప్పుడు మీ ఊళ్లలోకి కట్నం కూడా వస్తోందని విన్నాను. మోటారు సైకిలు అడుగుతున్నారట. డబ్బు ఎటు నడిచినా నువ్వు పిల్లల చేత అడిగించవలసిన ప్రశ్న ఒకటే. ఆమెకు తిరుగుదారి ఉందా?

టీచరుగా ఒక జాగ్రత్త కూడా రాస్తాను, ఇది ముఖ్యం. గేయం చివర చాలా అందంగా ఉంటుంది. పూర్ణమ్మ కళ్లలోని వెలుగు, ఒంటి మెరుపు, నడకలోని సొగసు ఒక్కొక్కటీ దేనిలోంచి వచ్చాయో దానిలోకే వెళ్లిపోయినట్టు, ఆమె దుర్గను చేరినట్టు కవి చెబుతాడు. ఆ అందం ప్రమాదం. పద్నాలుగేళ్ల పిల్లకు చావు కూడా ఒక దారిలా కనిపించగలదు. తరగతిలో ఎవరైనా "పూర్ణమ్మ అదృష్టవంతురాలు", "హాయిగా పోయింది" అంటే ఆ మాటను వదలకు. మందలించకు కూడా. బడి అయ్యాక ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఇంటి సంగతులు అడుగు. నా అనుభవంలో అలా అన్న పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో ఏదో నడుస్తూ ఉండేది. అందుకే నేను ఎప్పుడూ గేయాన్ని చివరి చరణంతో ముగించలేదు. చదివాక జాబితా దగ్గరకు తిరిగి వచ్చి, ఈ కథలో ఎవరెవరు వద్దు అనగలిగి ఉండేవారు అని అడిగేదాన్ని. పిల్లలు ఒక్కొక్క పేరూ చెబుతారు. తల్లి. పెద్దన్న. చుట్టాల్లో ఒకరు. ఆ పేర్లు బోర్డు మీద ఉండగా గంట కొట్టాలి.

గురజాడ 1915లో పోయారు. ఆడపిల్ల పెళ్లికి కనీసం పద్నాలుగేళ్లు ఉండాలన్న శారదా చట్టం 1929లో వచ్చింది. అది పద్దెనిమిది అయింది 1978లో. ఇప్పుడున్నది 2006 నాటి చట్టం. పూర్ణమ్మకు ఇవేవీ లేవు. నీ పిల్లలకు ఉన్నాయి. పిల్లల కోసం 1098 ఫోను నంబరు ఉంది. అది గోడ మీద ఉంటే చాలదు, నోటికి రావాలి. గేయం చదివిన రోజునే ఆ నంబరు కూడా నోటు పుస్తకంలో రాయించు. కవిత్వం క్లాసులో ఫోను నంబరేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ.

గొంతు సంగతి అడిగావు కదా. ఇంతసేపు రాశాక నాకే తేటపడింది. మొదట్లో ఆ చోట నాకు పెద్ద నాయనమ్మ వినిపించేది. తర్వాత హాజరుపట్టీలో ఖాళీలు కనిపించేవి. ఉద్యోగం చివరి ఏళ్లలో దీవించిన పెద్దలు కనిపించడం మొదలైంది. ఎందుకంటే నేనూ ఆ వయసుకు వచ్చాను. పెళ్లిళ్లకు పిలుస్తున్నారు, పిల్లలు వచ్చి కాళ్లకు మొక్కుతున్నారు. ఇప్పుడు నేను అక్షింతలు వేసే ముందు పెళ్లికూతురి మొహం చూస్తాను. వంగిన పిల్లను లేవనెత్తి, చెవి దగ్గర, "నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడుగుతాను. పెళ్లివారు ముసలావిడ ఏదో దీవిస్తోంది అనుకుంటారు. చాలామంది సిగ్గుపడి తల ఊపుతారు. ఒక్కసారి మాత్రం ఒక పిల్ల నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆమె నంబరు తీసుకున్నాను, వారం వారం ఫోను చేస్తున్నాను. ఇంతవరకు బాగానే ఉన్నానంటోంది.

ఎండలు ముదిరాయి, ఒంట్లో పరవాలేదు. కళ్లకు ఆపరేషను అయ్యాక చదువు మళ్లీ సాగుతోంది. ఈ ఏడు నువ్వు గేయం చదివినప్పుడు పిల్లలు బోర్డు మీద ఏ పేర్లు రాశారో నాకు రాసి పంపు. మీ బ్యాచి రాసిన జాబితాలో తల్లి, పెద్దన్న, పూజారి స్నేహితుడు, పెళ్లికి వచ్చిన ఒక ముసలావిడ ఉన్నారు. నా పాత డైరీలో ఇంకా ఉంది. ఆ చివరిది కిటికీ పక్క పిల్ల రాసింది.

ఆశీస్సులతో,
మీ టీచరు